ఏసీ నీళ్లు ఎవరివి, గోడ ఎవరిది? ఒక అపార్ట్‌మెంట్ నోటీసు వెనుక లెక్క

తిరుపతిలో తిరుచానూరు రోడ్డు వైపు ఉన్న మా అపార్ట్‌మెంట్‌లో అసోసియేషన్ తరఫున మొన్న ఒక నోటీసు అంటించాం. స్టిల్ట్ పార్కింగ్, పైన ఐదు అంతస్తులు, ఇరవై ఫ్లాట్లు. నోటీసు సారాంశం రెండే ముక్కలు. ఒకటి, ఏసీ ఔట్‌డోర్ యూనిట్లు వెనక గోడకు గానీ, యుటిలిటీ బాల్కనీలో గానీ పెట్టుకోవాలి. సజ్జల మీద, డక్ట్ లోపల, మెట్ల దగ్గర, ముందు ఎలివేషన్ మీద పెట్టకూడదు. రెండు, ఏసీ నీళ్లు గాల్లోకి వదలకూడదు. ప్రతి ఫ్లాట్ డ్రైన్ పైపూ వెనక గోడ వెంట వేసిన కామన్ పైపులోనే కలవాలి.

అంటించిన రోజే వాట్సాప్ గ్రూపు వేడెక్కింది. "మా డబ్బుతో కొన్న ఏసీ, మా గోడకి పెట్టుకుంటే మీకేం?" అని ఒకరు. "ఔట్‌డోర్ యూనిట్ నుంచి చుక్క నీరు రాదు, మమ్మల్నెందుకు మార్చమంటారు?" అని ఇంకొకరు. కమిటీలో ఉన్నవాణ్ణి కాబట్టి ఒక్కొక్కరికీ సమాధానం చెప్పాల్సి వచ్చింది. చెప్పేకొద్దీ తెలిసిందేమిటంటే, ఈ గొడవల్లో సగం రెండు వేరువేరు సంగతుల్ని ఒకటిగా కలిపేయడం వల్ల వచ్చినవే. నీళ్లు పుట్టేది గది లోపల. వేడి, బరువు ఉండేది గది బయట. ఇవి విడివిడిగా అర్థమైతే నోటీసులో ప్రతి వాక్యం ఎందుకు ఉందో తెలుస్తుంది.

రెండో అంతస్తు గోడ చెమ్మ

నోటీసుకు కారణమైన కేసు ముందు చెబుతాను. సెప్టెంబరులో రెండో అంతస్తు ఫ్లాట్ బెడ్రూమ్‌లో కిటికీ పైన గోడ తడిసి, పెయింటు పొక్కులు లేచింది. వర్షాలు లేని వారంలో కూడా తడి ఆరలేదు. ఆ కిటికీ సజ్జ మీద మూడో అంతస్తు వాళ్ల ఔట్‌డోర్ యూనిట్ కూర్చుని ఉంది. పైఅంతస్తు వాళ్లు తమ కిటికీలోంచి చెయ్యి చాపితే అందేలా కింది ఫ్లాట్ సజ్జ మీద యూనిట్ పెట్టుకోవడం మన ఊళ్లో మామూలే. సహజంగానే నింద వాళ్ల మీద పడింది. మూడో అంతస్తు ఆవిడ మాత్రం గట్టిగా చెప్పింది: "సార్, మేం రెండు రోజులు ఊళ్లోనే లేం. ఏసీ ఆపేసున్నా కారతానే ఉంది కదా, మాదెట్లవుతుంది?"

ఆవిడ ప్రశ్న సరైనదే. కూలింగ్ చేసే ఏసీలో నీళ్లు తయారయ్యేది ఇండోర్ యూనిట్‌లో. గది గాలిలోని తేమ చల్లటి కాయిల్‌కి తగిలి నీటి బొట్లుగా మారి, కింద ఉన్న ట్రేలోకి జారుతుంది. అక్కణ్ణుంచి సన్నటి డ్రైన్ పైపు ద్వారా గోడ రంధ్రం దాటి బయటికొస్తుంది. ఔట్‌డోర్ యూనిట్ చేసే పని వేడిని బయటికి ఊదడం. దాని కాయిల్ వేడిగా ఉంటుంది కాబట్టి మన వాడకంలో అక్కడ నీరు పట్టదు. కాపర్ పైపులు, కరెంటు వైరు, డ్రైన్ పైపు అన్నీ ఒకే కట్టగా బయటికి తెస్తారు గనక, డ్రైన్ పైపు చివర ఔట్‌డోర్ యూనిట్ పక్కనే వేలాడుతూ ఉంటుంది. చూసేవాళ్లకి నీళ్లు యూనిట్ నుంచే వస్తున్నాయనిపిస్తుంది.

ఒక మినహాయింపు ఉంది. యూనిట్ పక్కన ఉండే వాల్వుల్లో లావుపాటి పైపు చల్లగా ఉంటుంది. దాని ఇన్సులేషన్ ఊడిపోతే అక్కడ చెమట పట్టి నాలుగు చుక్కలు రాలతాయి. ఏసీ ఆపిన కాసేపటికి అవి ఆగిపోతాయి. ఏసీ నడుస్తున్నప్పుడు సన్న పైపు వాల్వు దగ్గర మంచు కనిపిస్తే మాత్రం గ్యాస్ తగ్గిందేమోనని టెక్నీషియన్‌కి చూపించాలి. రెండూ చుక్కల లెక్కే. గోడను నానబెట్టేంత నీరు వచ్చిందంటే అది డ్రైన్ పైపుదే అయి ఉండాలి.

ఎవరి డ్రైన్ పైపు అన్నది తేల్చడానికి ఖర్చులేని పద్ధతి ఒకటుంది. ఇండోర్ యూనిట్ ముందు మూత, ఫిల్టర్లు తీసి, ఏసీ స్విచ్ ఆపేసి, బట్టలకు వేసే నీలి కలిపిన లీటరు నీళ్లను కాయిల్ కింది ట్రేలోకి మెల్లగా పోయాలి. కరెంటు బోర్డు ఉన్న వైపు చుక్క పడకూడదు. ఇంకొకరు బయట నిలబడి నీలం రంగు ఎక్కడ తేలుతుందో చూడాలి. మూడో అంతస్తులో పోస్తే నీలం నీళ్లు పైపు చివర నుంచి నేరుగా నేల మీద పడ్డాయి. సజ్జ మీద చుక్క లేదు. నాలుగో అంతస్తులో పోశాం. నిమిషంలోపే మూడో అంతస్తు ఔట్‌డోర్ యూనిట్ వెనకాల గోడ మీద నీలం చార కనిపించింది.

అసలు సంగతి అక్కడ బయటపడింది. నాలుగో అంతస్తు వాళ్లది మెలికలు మెలికలుగా ఉండే సన్న ఫ్లెక్సిబుల్ పైపు. ఎండకి పెళుసెక్కి మధ్యలో పగిలింది. నీళ్లు నేల దాకా పోకుండా రెండో అంతస్తు సజ్జ మీద పడుతున్నాయి. సజ్జ మీద పడ్డా వాలు ఉంటే ముందుకి జారి కింద పడాలి. కానీ మూడో అంతస్తు వాళ్లు తమ యూనిట్ కదలకుండా ఆ సజ్జలోకి నాలుగు బోల్టులు దించారు. ఒక బోల్టు చుట్టూ సిమెంటు రేగి, వేలు దూరేంత గుంట పడింది. నీలం నీళ్లు అక్కడ నిలిచి, లోపలికి ఇంకి, సజ్జ గోడలో కలిసేచోట నుంచి రెండో అంతస్తు బెడ్రూమ్‌లో తేలుతున్నాయి. నీళ్లు ఒకరివి, రంధ్రం ఒకరిది, తడిసిన గోడ మూడో వాళ్లది. ఒక్క ఫ్లాట్‌కి ఫైన్ వేసి చేతులు దులుపుకుంటే తీరే సమస్య కాదిది. అందుకే నోటీసులో యూనిట్ స్థలం, నీటి దారి రెండూ రాయాల్సి వచ్చింది.

సజ్జ మీద ఎందుకు వద్దు

సజ్జ గోడ నుంచి బయటికి పొడుచుకొచ్చిన పలక. దాని బలమంతా పై భాగంలో ఉండే కమ్మీల్లో ఉంటుంది. పైనుంచి డ్రిల్ చేస్తే ముందు దెబ్బ తినేది ఆ పై పూత, ఆ తర్వాత కమ్మీ. నీరు కమ్మీని చేరితే తుప్పు పడుతుంది, తుప్పు ఉబ్బి కాంక్రీటును పెచ్చులుగా ఊడగొడుతుంది. సజ్జ అడుగున కమ్మీ వెంబడి గీతలా పగులు, గోధుమరంగు మరక కనిపిస్తే ఆ పని మొదలైనట్టే.

బరువు సంగతి ఇంకా ముఖ్యం. మనుషులు ఎక్కని పైకప్పులకు డిజైన్‌లో చదరపు మీటరుకు సుమారు 75 కిలోల అదనపు బరువు తీసుకుంటారు. సజ్జలకూ సాధారణంగా అదే లెక్క. మా సజ్జ రెండడుగుల వెడల్పు, నాలుగడుగుల పొడవు. అంటే ముక్కాలు చదరపు మీటరు కూడా లేదు, లెక్కలోకి వచ్చేది 50 కిలోల పైచిలుకు. టన్నున్నర ఔట్‌డోర్ యూనిట్ 30 కిలోల పైన ఉంటుంది. అంతవరకు ఫర్వాలేదనుకుందాం. సర్వీసుకి వచ్చిన అబ్బాయి కిటికీ దాటి ఆ సజ్జ మీద అడుగు పెట్టిన క్షణం ఇంకో అరవై డెబ్బై కిలోలు తోడవుతుంది, అదీ గోడకి దూరంగా ఉండే అంచు వైపు. పాత సజ్జ, తుప్పు పట్టిన కమ్మీ, కింద పార్కింగ్‌లో పిల్లలు. 2024 ఆగస్టులో ఢిల్లీ కరోల్ బాగ్ ప్రాంతంలో పైనుంచి ఔట్‌డోర్ యూనిట్ మీద పడి ఒక కుర్రాడు చనిపోయిన వీడియో దేశమంతా చూసింది. స్కూటర్ మీద కూర్చుని పక్కవాడితో మాట్లాడుతున్న పిల్లవాడు. నోటీసులో ఏ అంశం మీదైనా చర్చకి నేను సిద్ధం గానీ, మనుషులు నడిచే దారి పైన యూనిట్ వేలాడదీయకూడదన్న అంశం మీద మాత్రం కాదు.

మరి గోడకి స్టాండు కొట్టడం క్షేమమేనా? గోడను బట్టి ఉంటుంది. తొమ్మిదంగుళాల ఇటుక గోడ అయితే, బోల్టు ఇటుకలో పడితే, బాగానే పట్టుకుంటుంది. రెండిటుకల మధ్య సిమెంటు అతుకులో పడితే పట్టు తక్కువ. నాలుగంగుళాల గోడకి, తేలికపాటి బ్లాకుల గోడకి మామూలు ఫాస్టెనర్ పనికిరాదు. బిగించేటప్పుడు గట్టిగానే ఉన్నట్టుంటుంది, కంప్రెసర్ అదురుకి నెలల తరబడి బ్లాకు లోపల పొడి రాలి వదులవుతుంది. అలాంటి చోట గోడ అవతలి వైపు ప్లేటు పెట్టి ఆరపార బోల్టు వేయాలి. వర్షం పడే చోట స్టాండు తుప్పు పట్టని పూత ఉన్నదై ఉండాలి. యూనిట్ కాళ్ల కింద రబ్బరు ముక్కలు ఉండాలి. ఏడాదికోసారి, వేసవి సర్వీసు అప్పుడే, స్టాండుని చేత్తో ఊపి చూడమని టెక్నీషియన్‌కి చెప్పండి. బోల్టు కింద గోడ మీద ఎర్రటి తుప్పు చార దిగి ఉంటే ఊపి చూడక్కర్లేదు, మార్చేయడమే.

డక్ట్‌లో పెడితే ఏమవుతుంది

బాత్రూమ్ పైపులు దిగే సందునే మన దగ్గర డక్ట్ అంటారు. ముందుకి కనబడదు, ఎవరికీ అడ్డం కాదు, యూనిట్లకి అదే మంచి చోటని చాలామంది వాదించారు. ఇక్కడ కొంచెం లెక్క అవసరం. టన్నున్నర ఏసీ గదిలోంచి సుమారు 5 కిలోవాట్ల వేడి తీస్తుంది. తను తినే కరెంటు కూడా చివరికి వేడే కాబట్టి, బయటికి ఊదేది 6 కిలోవాట్ల పైనే. దాని ఫ్యాను తోసే గాలితో భాగిస్తే, లోపలికి పీల్చిన గాలి కన్నా బయటికి వచ్చే గాలి సుమారు 8–10 డిగ్రీలు ఎక్కువ వేడిగా ఉంటుంది.

మే నెల మధ్యాహ్నం తిరుపతిలో 42 డిగ్రీలు ఉందనుకోండి. నాలుగు వైపులా గోడలున్న ఆ ఇరుకు డక్ట్‌లో మొదటి అంతస్తు యూనిట్ 50 డిగ్రీల గాలి వదులుతుంది. వేడి గాలి పైకే పోతుంది. రెండో అంతస్తు యూనిట్ దాన్నే పీల్చి ఇంకా వేడెక్కిస్తుంది. మధ్యలో కొంత చల్ల గాలి కలిసినా, పై అంతస్తుల యూనిట్లకి అందేది ఏసీ తట్టుకోలేని గాలి. మన దేశంలో ఏసీ సామర్థ్యాన్ని కొలిచేది బయట 35 డిగ్రీల దగ్గర. డబ్బా మీద రాసిన చల్లదనం ఆ లెక్కన చెప్పింది. బయటి గాలి వేడెక్కేకొద్దీ చల్లదనం తగ్గుతుంది, కరెంటు పెరుగుతుంది, ఒక హద్దు దాటాక కంప్రెసర్ తనను తాను కాపాడుకోవడానికి ఆగిపోతుంది. ఐదో అంతస్తు వాళ్లు "మధ్యాహ్నం రెండింటికి ఏసీ ఊరికే ఆగిపోతోంది, కంపెనీ వాడు గ్యాస్ బాగానే ఉందంటున్నాడు" అని చెబితే, ముందు చూడాల్సింది కింద ఎన్ని యూనిట్లు అదే సందులోకి ఊదుతున్నాయన్నది.

దూరాల విషయంలో కంపెనీ మాన్యువల్ చెప్పిందే పాటించాలి. సాధారణంగా యూనిట్ వెనక కనీసం అరచెయ్యి వెడల్పు, ముందు రెండడుగులకు తగ్గకుండా ఖాళీ ఉండాలి. యుటిలిటీ బాల్కనీలో పెట్టుకునేవాళ్లు ఇది గుర్తుంచుకోవాలి. బట్టలు ఆరేసే తాడు యూనిట్ ముందు కట్టినా, బాల్కనీకి మెత్తటి దోమతెర వేసినా వేడి గాలి వెనక్కి తిరిగి అదే యూనిట్‌లోకి వెళ్తుంది.

"వెనక గోడ దాకా కాపర్ పైపు ఎక్కువ పట్టదా, కూలింగ్ తగ్గదా?" అని అడిగారు. పడుతుంది. చాలా ఏసీలతో మూడు మీటర్ల పైపు మాత్రమే ఇస్తారు. మా ప్లానులో ముందు బెడ్రూమ్ నుంచి వెనక గోడకి ఏడు మీటర్ల దాకా అవుతుంది. అదనపు పైపు ఖర్చు ఓనర్‌దే. మోడల్‌ని బట్టి మీటరుకింత అని గ్యాస్ కూడా కలపాల్సి రావచ్చు, అది మాన్యువల్‌లో రాసి ఉంటుంది. అనుమతించిన పొడవులో ఉన్నంతవరకు పైపు వల్ల తగ్గే చల్లదనం కొంచెమే. డక్ట్ వేడి వల్ల పోయేదానితో పోలిస్తే లెక్కలోకి రాదు.

కామన్ డ్రైన్ పైపు

నీళ్లు ఎన్ని వస్తాయన్నదాని మీద అందరికీ తలో అంచనా ఉంది. టన్నున్నర ఏసీ తేమ ఎక్కువున్న రాత్రి గంటకి లీటరు నుంచి రెండు లీటర్లు వదులుతుంది. మే నెల పొడి ఎండలో ఇంకా తక్కువే. తిరుపతిలో ఎక్కువ నీరు కారేది ఎండ మండే రోజుల్లో కాదు, సెప్టెంబరు, అక్టోబరు ఉక్కపోతలో. నమ్మకం లేకపోతే పైపు కింద గంటసేపు బకెట్ పెట్టి కొలుచుకోవచ్చు. ఒక నిలువు వరసలో ఐదు అంతస్తులు, అంతస్తుకి రెండు ఏసీలు అనుకున్నా, అన్నీ కలిపి గంటకి ఇరవై లీటర్లు మించదు. అంటే సన్నటి ధార.

అంత తక్కువ నీటికి ఒకటిన్నర అంగుళం పీవీసీ పైపు ఎందుకని ట్రెజరర్ గారు అడిగారు. పైపు సైజు నీటి కోసం కాదు, పాకుడు కోసం. ఇండోర్ ట్రేలో దుమ్ము, తేమ కలిసి జిగురు పదార్థం తయారవుతుంది. అది సన్న పైపుని ఏడాదిలో మూసేస్తుంది. లావు పైపులో గోడకి అంటుకున్నా దారి మిగులుతుంది. కొండ కింది కాలనీల్లో ఇంకో బాధ కూడా ఉంది. కోతులు వేలాడే పైపుని పట్టుకుని ఊగి పీకేస్తాయి, ఇన్సులేషన్ చీల్చేస్తాయి. గోడకి క్లాంపులు కొట్టిన గట్టి పీవీసీ అయితే వాటికి లొంగదు.

పైపు వేసే తీరులో మూడు చోట్ల జాగ్రత్త కావాలి. ఇంట్లోంచి కామన్ పైపు దాకా వచ్చే అడ్డ పైపు మీటరుకి కనీసం ఒక సెంటీమీటరు వాలు ఉండాలి, రెండైతే ఇంకా మంచిది. మధ్యలో కడుపులా జారితే అక్కడ నీరు నిలిచి గాలిని ఆపేస్తుంది. అప్పుడు నీళ్లు వెనక్కి తన్ని ఇండోర్ యూనిట్ మూల నుంచి మంచం మీద కారతాయి. రెండోది, నిలువు పైపు పైకొన టెర్రస్ దగ్గర తెరిచే ఉండాలి, వాన నీరు, ఆకులు పడకుండా వంపు తిప్పి జాలీ పెట్టాలి. గాలి పోయే దారి లేకపోతే పై అంతస్తు నీళ్లు దిగేటప్పుడు కింది అంతస్తు పైపులో గడగడ శబ్దం వస్తుంది, ఒక్కోసారి నీరూ ఎదురు తంతుంది.

మూడోది అన్నిటికన్నా ముఖ్యం. ఈ పైపుని సెప్టిక్ లైన్‌లోకి గానీ, బాత్రూమ్ వెంట్ పైపులోకి గానీ నేరుగా కలపకూడదు. ఒక ఫ్లాట్‌లో ప్లంబర్ దగ్గరగా ఉందని అలాగే కలిపాడు. నీళ్లు బాగానే పోయాయి. ఏసీ ఆపిన పగటిపూట బెడ్రూమ్ అంతా మురుగు వాసన. ఎండాకాలం నీరు తక్కువున్నప్పుడు పైపు ఖాళీగా ఉంటుంది కాబట్టి మురుగు గాలి తిన్నగా ఇండోర్ యూనిట్ దాకా వస్తుంది. అందుకే మా కామన్ పైపు కింద కొన నేల మీది ట్రాప్ జాలీకి జానెడు ఎత్తులో ఆగుతుంది. మధ్యలో గాలి ఖాళీ ఉంటే వాసన ఎక్కదు, పైపులో నీరు వస్తోందో లేదో కంటికి కనిపిస్తుంది.

నీళ్లు డ్రమ్ములో పడితే మొక్కలకి, పార్కింగ్ తుడవడానికి వాడుకోవచ్చని కొందరు అడిగారు, ఒప్పుకున్నాం. రెండు షరతులు. పైపు కొన డ్రమ్ములో నీటిమట్టానికి పైన ఉండాలి. మునిగిపోతే గాలి దారి మూసుకుని నీళ్లు పైకి తంతాయి. డ్రమ్ముకి మూత, పైపు దూరే చోట మెత్తటి తెర ఉండాలి. డెంగీ దోమకి కావాల్సింది ఇలాంటి శుభ్రమైన నిలవ నీరే. వారం పది రోజులు కదపకుండా వదిలేస్తే కొత్త దోమలు లేస్తాయి. సజ్జల మీద నిలిచే ఏసీ నీటికీ ఇదే ముప్పు. తాగడానికీ, ఇన్వర్టర్ బ్యాటరీకీ మాత్రం వద్దు. చూడ్డానికి తేటగా ఉన్నా అందులో దుమ్ము, కాయిల్ లోహం, క్రిములు ఉంటాయి.

"మా గోడ" అన్న మాట

ఆంధ్రప్రదేశ్‌లో అపార్ట్‌మెంట్ల చట్టం 1987 నాటిది. దాని ప్రకారం ప్రధాన గోడలు, పైకప్పు, మెట్లు, కారిడార్లు ఓనర్లందరి ఉమ్మడి ఆస్తి. బెడ్రూమ్ లోపలి వైపు మీరు ఏ రంగు వేసుకున్నా ఎవరూ అడగరు. అదే గోడ బయటి వైపు అందరిదీ. సజ్జ కూడా ఆ బయటి గోడలో భాగమే, దాని కింద కిటికీ ఎవరిదైనా సరే. కాబట్టి చోటు ఎక్కడన్నది జనరల్ బాడీలో తీర్మానం చేసి అసోసియేషన్ నిర్ణయించవచ్చు. అలాగని మాట వినని ఫ్లాట్‌కి నీళ్లు, కరెంటు ఆపే హక్కు కమిటీకి ఉందనుకోకూడదు. ఆ ఆలోచన ఒకరు తెచ్చారు, మేం ఒప్పుకోలేదు.

పాత యూనిట్ల విషయంలో ఇలా తేల్చాం. నడిచే దారి పైన, సజ్జల మీద ఉన్నవి వేసవి సర్వీసుకి ముందే మార్చాలి, గడువు మార్చి నెలాఖరు. డక్ట్‌లో ఉన్నవి ఏసీ మార్చినప్పుడో, ఇల్లు అద్దెకి మారినప్పుడో బయటికి తీయాలి, కొత్తవి అక్కడ పెట్టనివ్వం. కామన్ నిలువు పైపు ఖర్చు అసోసియేషన్‌ది, అందులో కలిసే అడ్డ పైపు ఫ్లాట్ ఓనర్‌ది. కిరాయికి ఉన్నవాళ్లు ఓనర్‌తో మాట్లాడుకునేలా కాపీ ఓనర్లకీ పంపాం.

రెండో అంతస్తు గోడ రిపేరు ఖర్చుని మూడో, నాలుగో అంతస్తుల వాళ్లు చెరిసగం పెట్టుకున్నారు. సజ్జలోని నాలుగు రంధ్రాలూ గ్రౌటుతో నింపి, పైన వాటర్‌ప్రూఫింగ్ వేసి, వాలు సరిచేశాక ఒక పూట నీళ్లు పోసి చూశాం. లోపలి గోడకి మాత్రం వెంటనే పెయింటు వేయలేదు. నానిన ఇటుక పూర్తిగా ఆరడానికి వారాలు పడుతుంది, అంతకుముందే పుట్టీ పెడితే మళ్లీ పొక్కుతుంది. సంక్రాంతి తర్వాత వేద్దామని పెయింటర్ చెప్పాడు.